మామా, నీ భూసార రిపోర్టు చూసిన, ఏ చేనుకు ఏమెయ్యాలో చెప్తున్న

మామా, నువ్వు పంపిన రెండు కార్డుల ఫోటోలు రాత్రి కూర్చొని చూసిన. ఫోన్ల చెప్తే సగం మర్చిపోతవని రాసి పెడుతున్న, అత్తతోని చదివించుకో, షాపుకు పోయేటప్పుడు ఫోన్ దగ్గర పెట్టుకో.

ముందుగాల ఒక మాట. ఈ రిపోర్టును నమ్మొచ్చు. ఎండకాలం మనిద్దరం కలిసే కదా మట్టి తీసింది, చేనుకు పది చోట్ల వి ఆకారంల జానెడు లోతు తవ్వి, గట్ల పక్కన, పెంటకుప్పల కాడ తియ్యకుండ, అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేసుకుంట అర్ధకిలో మిగిల్చినం. నువ్వు యూరియా సంచిల పోయబోతే నేను ఆపిన, గుర్తుందా? ఆ సంచిల పోసుంటే ఇయ్యాల నత్రజని అంకె తప్పొచ్చేది.

ఇగ నల్లరేగడి మూడెకరాల సంగతి. పీహెచ్ 8.2 వచ్చింది. 7 అంటే నడిమధ్య, దానికన్నా తక్కువుంటే పులుపు నేల, ఎక్కువుంటే క్షారం. 8.2 అనంగనే చౌడు అని భయపడకు, షాపాయన జిప్సం వెయ్యమన్నడంటివి కదా, ఈ చేనుకు అక్కర్లేదు. 8.5 దాటితే అప్పుడు ఆ ముచ్చట. ఈసీ 0.34, అంటే ఉప్పు లేదు, 1 లోపుంటే గింజ మొలకకు ఏం కాదు.

నత్రజని హెక్టారుకు 168 కిలోలు, 280 లోపుంటే తక్కువ కిందనే లెక్క. సేంద్రియ కర్బనం 0.38, అది 0.5 కన్నా తక్కువ. ఈ రెండూ ఒకటే కథ మామా, పెంటెరువు వేసి ఎన్నేండ్లయింది, పత్తి కట్టెను ఏటా కాల్చేస్తివి. పొటాష్ 412, ఎక్కువుంది, నల్లరేగడిల మామూలే. ఇగ భాస్వరం చూడు, 78! నువ్వు ఏటేటా ఎకరానికి రెండు బస్తాల డీఏపీ వేసుకుంట పోయినవు, అంటే 46 కిలోల భాస్వరం. పత్తికి చెప్పిన మోతాదే ఎకరానికి 24 కిలోలు. మిగిలిందంతా ఎటు పోతది, నేలల సున్నంతోని గట్టిపడి అక్కడ్నే ఉంటది, పంటకు ఈజీగ అందదు. నువ్వు కష్టపడి తెచ్చిన పైసలు మట్టిల పెట్టినట్టే అయింది, అది చూసి నాకు మస్తు బాధైంది.

జింక్ చూడు ఇప్పుడు, 0.42. కనీసం 0.6 ఉండాలి. పోయినేడు నలభై రోజుల చేనుల ఆకు ఈనెలు పచ్చగనే ఉండి ఈనెల మధ్యల పసుపు తిరిగింది, నువ్వు రోగమనుకొని రెండు సార్లు మందు కొట్టినవు. నాకైతే ఈ అంకె చూసినంక అది జింక్ లోపమే అనిపిస్తుంది. క్షారం నేలల జింక్ తక్కువ అందుతది, దాని మీద భాస్వరం ఎక్కువైతే ఇంకా అందదు. అందుకే డీఏపీ ఎంత పోస్తే అంత పసుపైతది. గంధకం 14, ఇనుము, మాంగనీసు, రాగి, బోరాన్ అన్నీ సరిపోను ఉన్నయ్, వాటికి పైసా పెట్టకు.

మరి ఎంత వెయ్యాలి అంటే, పత్తికి ఎకరానికి 60 నత్రజని, 24 భాస్వరం, 24 పొటాష్. నేలల తక్కువుంటే 30 శాతం పెంచుతం, ఎక్కువుంటే 30 శాతం తగ్గిస్తం. అట్ల లెక్కేస్తే నత్రజని 78, భాస్వరం, పొటాష్ పదిహేడు పదిహేడు కిలోలు. బస్తాలల్ల చెప్పాలంటే ఎకరానికి సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ రెండు బస్తాలు ఆఖరి దుక్కిల వెయ్యి, యూరియా 170 కిలోలు, పొటాష్ 28 కిలోలు. యూరియా, పొటాష్‌ను నాలుగు భాగాలు చేసి విత్తిన 20, 40, 60, 80 రోజులకు వెయ్యి, అంటే ప్రతిసారి యూరియా బస్తాకు కొంచెం తక్కువ, పొటాష్ ఏడు కిలోలు.

యూరియా ఇంతనా అనకు. పోయినేడు నువ్వేసిన మూడు బస్తాలు, డీఏపీల ఉన్న నత్రజని కలిపితే 80 కిలోలైంది, అంటే లెక్క దాదాపు ఇదే, కానీ రెండే దఫాలల్ల, పైపైన చల్లినవు. ఇట్లాంటి నేల మీద చల్లి వదిలేస్తే సగం గాలిల కలిసిపోయే ముప్పుంది. పదునున్నప్పుడు మొక్కకు జానెడు దూరంల గుంత తీసి వేసి మట్టి కప్పు. కూలోళ్ళు ఎక్కువైతరు అంటవ్, నిజమే, కానీ ఇదొక్కటి మాత్రం నా మాట విను.

జింక్ సల్ఫేట్ ఎకరానికి 20 కిలోలు, మూడు పంటలకు ఒక్కసారి చాలు. సూపర్‌తోని కలిపి మాత్రం వెయ్యకు, భాస్వరం దాన్ని పట్టేస్తది. జింక్ ముందేసి కలియదున్ని రెండు మూడు రోజులు ఆగి సూపర్ వెయ్యి. పెంటెరువు ఎకరానికి నాలుగు టన్నులు దొరికితే మంచిది, దొరికినంత వెయ్యి. ఈసారి పత్తి కట్టె కాల్చకు, ముక్కలు కొట్టే మెషిన్ కిరాయికి దొరుకుతది.

ఇప్పుడు చెల్క రెండెకరాలు, కంది పెట్టేది. ఇది పూర్తిగ ఉల్టా. పీహెచ్ 5.8, అంటే కొంచెం పులుపు. సున్నం ఎంత అని అందాజగ చెప్పను, దానికి ల్యాబుల వేరే పరీక్ష ఉంటది, అదే మట్టి మళ్ళ ఇచ్చి చేయిద్దాం. అప్పటిదాకా చెరువు మట్టి తోలుకో, చెల్కకు అది మస్తు పనికొస్తది, నీళ్ళు కూడ ఆగుతయ్. ఇక్కడ భాస్వరం 12 మాత్రమే, నత్రజని కూడ తక్కువ. చెల్కలో ఏం పండుతదని నువ్వు ఎప్పుడూ ఒక్క గింజ ఎరువు వెయ్యలేదు కదా, అది రిపోర్టుల కనపడుతుంది. కందికి ఎకరానికి 8 నత్రజని, 20 భాస్వరం, దీనికి 30 శాతం కలిపితే దాదాపు 10, 26. డీఏపీ 56 కిలోలేస్తే రెండూ సరిగ్గ వస్తయ్. నల్లరేగడికి వద్దన్న డీఏపీనే ఇక్కడ కావాలి మామా, ఇన్నేండ్లు చేను మారి పోసినవు. పొటాష్ నడిమధ్యనుంది, కందికి వెయ్యక్కర్లేదు. విత్తనానికి రైజోబియం పట్టించుడు మర్చిపోకు, ఎకరానికి ఒక 200 గ్రాముల ప్యాకెట్, మందు విత్తనశుద్ధి చేసి ఆరినంకనే ఇది పట్టించి నీడల ఆరబెట్టు.

అత్త చెప్పింది, డీఏపీ ఆరు బస్తాలు ఇప్పటికే తెచ్చి అర్రల పెట్టినవంట. కుట్టు విప్పకు. రెండు ఉంచి నాలుగు వాపస్ ఇయ్యి, బస్తా 1,350 లెక్కన 5,400. వాటికి బదులు సూపర్ ఏడు బస్తాలు తీసుకో, ఆరు పత్తికి, ఒకటి చెల్కకు, ఆ రెండు డీఏపీలకు తోడు పడ్తది. వాపస్ తీసుకోనంటే చెల్క కోసం వచ్చే ఏడు దాకా తడి తగలకుండ చెక్కల మీద పేర్చిపెట్టు, పత్తిల మాత్రం పొయ్యకు. ఒక గట్టి వాన పడి పదునైనంక నాకు ఫోన్ చెయ్యి, జింక్ చల్లేటప్పుడు నేనొస్త.