ఫీజు డబ్బు ట్రేస్ చేయమని బ్యాంకుకు ఉత్తరం (దిద్దిన కాపీ)

సునీతక్కా,

కాలేజీకి పంపిన ఫీజు డబ్బు ఎక్కడుందో వెతకమని నువ్వు బ్యాంకుకు రాసిన ఉత్తరం మొత్తం చదివి దిద్దాను. కింద ఉన్నదాన్ని అలాగే కాపీ చేసి బ్యాంకు యాప్‌లో మెసేజ్‌గా పెట్టేయ్. నువ్వు రాసింది రెండు పేజీలుంది, అందులో మొదటి పేజీ అంతా కస్టమర్ కేర్ వాళ్లు ఫోన్‌లో ఎంతసేపు నిలబెట్టారు, ఎవరేం మాట్లాడారు అన్నదే. నీ కోపం న్యాయమే, కాదనను. కానీ దీన్ని చదివేది ఆ ఫోన్ ఎత్తినవాళ్లు కాదు, వెనక పేమెంట్ల విభాగంలో ఉన్నవాళ్లు, వాళ్లకు కావాల్సింది నంబర్లు. అందుకే ఆ పేజీ తీసేశాను. కంప్లయింట్ ఇవ్వాలనుంటే విడిగా ఇద్దాం, రెండూ ఒకే ఉత్తరంలో పెడితే అది ఫిర్యాదుల వాళ్ల దగ్గరే తిరుగుతూ ఉంటుంది, డబ్బును వెతికేవాళ్ల దాకా చేరదు.

పంపే ముందు ఒక్కటి మాత్రం నువ్వే రసీదు పక్కన పెట్టుకుని సరిచూడు: యూఈటీఆర్, అంటే ఈ ఒక్క బదిలీని గుర్తుపట్టడానికి ఇచ్చిన నంబరు. నీ డ్రాఫ్ట్‌లో నాలుగో ముక్క 9b6o అని ఉంది, చివరన సున్నాకి బదులు ఇంగ్లిష్ o అక్షరం పడింది. ఈ నంబర్‌లో 0 నుంచి 9 వరకు అంకెలు, a నుంచి f వరకు అక్షరాలు తప్ప ఇంకేవీ రావు, కాబట్టి అది o అయ్యే అవకాశమే లేదు. చివరి ముక్కలో ఒక అక్షరం ఎగిరిపోయింది కూడా, పన్నెండు ఉండాల్సిన చోట పదకొండే ఉన్నాయి. నువ్వు పంపిన రసీదు ఫొటో చూసి రెండూ సరిచేశాను. మధ్యలో ఎన్ని బ్యాంకులు చేతులు మారినా మారకుండా ఉండే నంబరు ఇది, ఇది తప్పితే వాళ్లు "రికార్డు లేదు" అని రెండు ముక్కల్లో తిప్పి పంపేస్తారు.

ఉత్తరం ఇదీ:

---

తేదీ: 2026 ఫిబ్రవరి 11

విషయం: 3,200 అమెరికన్ డాలర్ల విదేశీ బదిలీ అందలేదు, ట్రేస్ చేయగలరు (రెఫరెన్స్ FT26033K7Q1)

అంతర్జాతీయ పేమెంట్ల విభాగానికి,

ఫిబ్రవరి 2న నా ఖాతా నుంచి మా తమ్ముడి కాలేజీ ఖాతాకు ఫీజు కింద 3,200 డాలర్లు పంపాను. డబ్బు అదే రోజు నా ఖాతాలో కట్ అయింది. ఈ స్టూడెంట్ నంబరు మీద ఫీజు ఏదీ నమోదు కాలేదని కాలేజీ అకౌంట్స్ ఆఫీసు ఫిబ్రవరి 10న మెయిల్ పెట్టింది. ఈ రోజు వరకు డబ్బు నా ఖాతాకు తిరిగి కూడా రాలేదు.

బదిలీ వివరాలు:

మీ బ్యాంకు రెఫరెన్స్: FT26033K7Q1
యూఈటీఆర్: 7c1e04b9-52d8-4f3a-9b60-e81d37a6c2f5
పంపిన తేదీ, సమయం: 2026 ఫిబ్రవరి 2, ఉదయం 11:42 (మొబైల్ యాప్ నుంచి)
పంపిన మొత్తం: 3,200.00 డాలర్లు
మీరు తీసుకున్న చార్జీలు: 28.00 డాలర్లు
ఖాతాలో కట్ అయిన మొత్తం: 3,228.00 డాలర్లు
చార్జీల పద్ధతి: OUR (అన్ని చార్జీలూ పంపేవారివే)
నా ఖాతా చివరి నాలుగు అంకెలు: 4471
కాలేజీ ఖాతా చివరి నాలుగు అంకెలు: 6093
పేమెంట్ నోట్‌లో రాసింది: TUITION SPRING 2026 STUDENT 508217

దయచేసి ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఈ పేమెంట్ మీ దగ్గర నుంచి ఏ తేదీన, ఏ బ్యాంకుకు వెళ్లింది? కాలేజీ ఖాతాలో జమ అయిందా? అయితే ఏ తేదీన, ఎంత మొత్తం, అక్కడి రెఫరెన్స్ ఏమిటి? జమ కాకపోతే ఏ బ్యాంకు దగ్గర, ఏ కారణంతో ఆగింది, నా నుంచి ఏమైనా సమాచారం కావాలా? ఒకవేళ తిరస్కరించి వెనక్కి పంపి ఉంటే ఏ రోజు పంపారు?

బ్యాంకులకు మీరు పంపిన పేమెంట్ మెసేజ్ (pacs.008, పాత ఫార్మాట్‌లో MT103) కాపీ కూడా ఇవ్వగలరు. దాన్ని కాలేజీకి చూపించాలి.

ఇది ట్రేస్ కోసం మాత్రమే. నేను రాతపూర్వకంగా చెప్పేదాకా దయచేసి రీకాల్ మొదలుపెట్టవద్దు.

ఫీజు గడువు ఫిబ్రవరి 20. ఈ వినతికి కేసు నంబరు ఇచ్చి, 13వ తేదీ లోపు మొదటి సమాచారం చెప్పగలరు. ట్రేస్‌కు చార్జీ ఉంటే కట్ చేసే ముందు ఎంతో తెలియజేయండి. నన్ను ఈ మెసేజ్‌లోనే, లేదా ఖాతాలో నమోదైన ఫోన్ నంబరు మీద సంప్రదించవచ్చు.

జత చేసినవి: పేమెంట్ రసీదు, ఫిబ్రవరి 2 నుంచి 11 వరకు స్టేట్‌మెంట్, కాలేజీ మెయిల్.

ఇట్లు,
సునీత

---

ఇప్పుడు మిగతా మార్పులు ఎందుకో చెప్తా. నువ్వు పంపిన మొత్తం 3,228 అని రాశావు. అది నీ ఖాతాలో కట్ అయింది, అటువైపు వెళ్లింది 3,200. వాళ్లు 3,228 కోసం వెతికితే ఎక్కడా దొరకదు, అందుకే మూడూ విడివిడిగా పెట్టాను.

అన్నిటికంటే ముఖ్యమైన మార్పు ఇంకొకటుంది. "కాలేజీ బ్యాంకులో డబ్బు పడలేదట" అని రాశావు నువ్వు. మెయిల్ మళ్లీ చదువు అక్కా, వాళ్లు అలా అనలేదు. స్టూడెంట్ నంబరు మీద ఏమీ కనపడలేదు అన్నారు, అంతే. రెండింటికీ చాలా తేడా ఉంది, ఎందుకంటే డబ్బు కాలేజీ ఖాతాలో పడి, నోట్‌లోని నంబరు మధ్యలో ఎక్కడో తెగిపోయి, ఎవరిదో తెలియక పక్కన పెట్టి ఉండొచ్చు కూడా. బ్యాంకు వాళ్లు ఫోన్‌లో "కంప్లీటెడ్" అన్నారని నువ్వే చెప్పావు కదా, నాకైతే దీని మీదే అనుమానం. అదే నిజమైతే జమ తేదీ, రెఫరెన్స్ చేతికొస్తే చాలు, కాలేజీ వాళ్లు నిమిషాల్లో పట్టేస్తారు. వాళ్లకు నువ్వూ ఇవాళే ఒక మెయిల్ కొట్టు, ఫిబ్రవరి 2 తర్వాత వచ్చిన గుర్తు తెలియని జమల్లో చూడమని, సరిగ్గా 3,200 కాకుండా ఇరవై ముప్పై తక్కువ ఉన్నవి కూడా చూడమని చెప్పు. OUR పెట్టినా మధ్య బ్యాంకు ఒక్కోసారి కోసేసుకుంటుంది.

"వెంటనే ట్రేస్ చేసి నా డబ్బు వాపసు ఇవ్వండి" అన్న వాక్యం కొట్టేసింది కావాలనే. రీకాల్ అంటే అవతలి బ్యాంకుకు డబ్బు వెనక్కి పంపమని అడగడం, జమ అయిపోయి ఉంటే కాలేజీ ఒప్పుకోవాలి, అదంతా తేలేలోపు గడువు దాటిపోతుంది. పైగా దొరికిన డబ్బే వెనక్కి బయల్దేరితే మళ్లీ మొదటికొస్తాం. ఎక్కడుందో తెలిశాక అప్పుడు చూద్దాం.

"మీరు నా డబ్బు మింగేశారు" కూడా పోయింది, అడగకు.

స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌లో ఆ పది రోజులే ఉంచు, నీ మొత్తం ఖర్చుల చిట్టా వాళ్లకెందుకు. కేసు నంబరు రాగానే నాకు పంపు, 13 సాయంత్రానికి ఉలుకూ పలుకూ లేకపోతే ఫిర్యాదు నేనే రాసిస్తా.