శని, ఆదివారాల స్టాల్‌కి మన ప్లాన్

తమ్ముడూ,

మధురవాడ అపార్ట్‌మెంట్ వాళ్ల సంతలో మన ఏటికొప్పాక బొమ్మలకి టేబుల్ ఖాయమైంది. రెండు సాయంత్రాలూ 4 నుంచి 9 దాకా. అద్దె 1,800, కరెంటుకి 200. ఆటో రానూపోనూ 1,400, తిండికి 400 అనుకున్నాను. మొత్తం 3,800. డిపాజిట్ 500 వేరే, చోటు శుభ్రం చేసి అప్పగిస్తే తిరిగి ఇచ్చేస్తారు.

వంద రూపాయల అమ్మకంలో మనకి మిగిలేది నలభై. అంటే 9,500 అమ్మితే ఖర్చులు వస్తాయి, ఆపైనే లాభం. అందుకని దానికి రెండున్నర రెట్ల సరుకు తీసుకెళ్దాం: బొంగరాలు 60 (ఒక్కోటి 60 రూపాయలు), గిలకలు 30 (150), కుంకుమ భరిణెలు 40 (120), లక్కపిడతల సెట్లు 10 (600), పెద్ద బొమ్మలు 4 (1,200). సెట్లూ పెద్ద బొమ్మలూ దెబ్బ తగలకుండా ఉంటే పది రోజుల్లో సరుకిచ్చినవాళ్లే వెనక్కి తీసుకుంటామన్నారు, వాటి గురించి టెన్షన్ వద్దు. బొంగరాలు మాత్రం తగ్గించకు. ఏమీ కొనకుండా వెళ్లబోయేవాళ్లు కూడా పిల్లల కోసం ఒకటి కొంటారు.

దసరా దగ్గర పడుతోంది కాబట్టి వెనక బొమ్మల కొలువులా మూడు మెట్లు కడదాం, మీద అమ్మ తెల్ల పంచె పరుద్దాం. పెద్దవి పై మెట్టు మీద, భరిణెలు మధ్యలో. గిలకలు, బొంగరాలు ముందు అంచున, పిల్లల చేతికి అందేలా ఉండాలి. పట్టుకుంటే పట్టుకోనీ, వద్దనకు. స్టీల్ పళ్లెంలో ఒక బొంగరం ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలి, ఆ పని నీదే. తెల్ల బల్బు తెస్తున్నాను. పసుపు లైటులో పసుపూ నారింజా ఒకేలా కనిపిస్తాయి. ధర స్టిక్కర్లు లక్క మీద అంటించొద్దు, జిగురు మరక ఉండిపోతుంది. అట్టముక్క మీద రాసి పక్కన పెట్టు.

అడిగినవాళ్లకి తయారీ చెప్పు: అంకుడు కర్ర, సహజ రంగులు కలిపిన లక్క. తిరిగే కర్రకి లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది, ఆ తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని కూడా చెప్పు. ఇంత పనితనం ఉన్నదాన్ని సగం ధరకి అడిగితే ఒప్పుకోవద్దు. మూడు వస్తువులు కొంటే ఒక బొంగరం ఉచితం, అంతవరకే.

చిల్లర 2,000 తెస్తాను: యాభైలు 20, ఇరవైలు 25, పదులు 50. డబ్బు సంచి నా నడుముకే ఉంటుంది. ఫోన్‌పే చేసినవాళ్ల స్క్రీన్ చూసి సరేననకు, మన ఫోన్‌కి మెసేజ్ వచ్చాకే వస్తువు ఇవ్వు. రాత్రి చిల్లర పక్కకి తీసి, మిగిలిన నగదూ ఫోన్‌లో పడిందీ అమ్మకాల పుస్తకంతో సరిచూసుకున్నాకే సర్దుదాం.

ఇంకో పుస్తకం వచ్చేవాళ్ల కోసం. పేరు, నంబరు, ఏం అడిగారో రాయి, మెసేజ్ పెట్టొచ్చా అని అడిగి మరీ. మన దగ్గర లేనిది అడిగితే తప్పకుండా రాయి, వచ్చేసారి ఏం తేవాలో దాన్నిబట్టే తెలుస్తుంది. ఆర్డర్లు చెప్పినవాళ్లకి ఫొటో, ధర, ఎప్పటికి ఇస్తామో సోమవారం నేను పంపిస్తాను. మిగతావాళ్లకి దసరా ముందు ఒక్క మెసేజ్ చాలు.

శనివారం రెండున్నరకల్లా ఆటోతో మా ఇంటికి వచ్చెయ్. పాత దుప్పట్లు రెండు తీసుకురా, బొమ్మలు చుట్టడానికి.

— అక్క