వారం మెనూ మార్చమని మెస్ కమిటీకి వినతి

హన్మకొండ,
12 ఆగస్టు 2025.

గౌరవనీయులైన వార్డెన్ మేడంకు, మెస్ కమిటీ సభ్యులందరికీ,

నమస్కారం. నేను బాలికల హాస్టల్ రెండో అంతస్తు, 27వ గదిలో ఉంటున్నాను. డిగ్రీ రెండో సంవత్సరం. ఈ శనివారం జరిగే కమిటీ మీటింగులో వారం మెనూ గురించి మాట్లాడాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. నాతోపాటు మా అంతస్తులో 41 మంది సంతకాలు పెట్టారు, ఆ కాగితం దీనికి జత చేశాను.

ముందుగా ఒక మాట. వంట అక్కల మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. పొద్దున నాలుగున్నరకే లేచి 180 మందికి వండుతారు, జ్వరమొస్తే గంజి కాచి గదికి పంపుతారు. వాళ్లు చేసే చారు రుచి ఇంటికెళ్లినా గుర్తొస్తుంది. మేం అడుగుతున్నది వంట గురించి కాదు, వంటకు ఎంచుకునే సరుకు గురించి.

ఇంత గట్టిగా అడగడానికి ఒక కారణముంది. పోయిన నెల కాలేజీలో రక్తదాన శిబిరం పెట్టారు. మా హాస్టల్ నుంచి తొమ్మిది మందిమి వెళ్లాం. వేలికి సూదిగుచ్చి చూసి ఆరుగురిని వెనక్కి పంపేశారు. రక్తం ఇవ్వాలంటే హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. నాకు 10.8 ఉంది. నా గదిలోనే ఉండే అమ్మాయికి 8.9. అక్కడి నర్సమ్మ దాని చేయి పట్టుకుని, కింది కనురెప్ప లాగి చూసి, "ఏం తింటున్నవు బిడ్డా?" అని అడిగింది. అది ఏం చెప్పాలో తెలియక నా వైపు చూసింది. పొద్దున తిన్నది లెమన్ రైస్, ముందురోజు రాత్రి అన్నం, ఆలుగడ్డ కూర. తప్పంతా మెస్‌దేనని నేననను, ఇంటి దగ్గర నుంచే రక్తం తక్కువతో వచ్చినవాళ్లుంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకే, ఏడాదిలో పది నెలలు మేం తినే ఈ ఒక్క వంటగది మా ఒంటికి ఎంత చేయగలదో ఆలోచించమంటున్నాను.

శిబిరం నుంచి వచ్చాక నాలుగు వారాలు రోజూ మెనూ రాసుకున్నాను. రెండు పూటలా కలిపి 56 కూరలు వండారు. అందులో 23 సార్లు ఆలుగడ్డ ఉంది, ఒంటిగానో, వంకాయతోనో, టమాటతోనో. ఆకుకూర వచ్చింది మూడంటే మూడు సార్లు. టిఫిన్‌లో బుధవారం పులిహోర, శుక్రవారం లెమన్ రైస్. అంటే ఆ రెండు రోజులూ మూడు పూటలా అన్నమే. గుడ్డు మంగళవారం ఒక్కరోజే.

పప్పు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. స్టోర్ అక్కను అడిగితే పుస్తకం చూపించింది. మధ్యాహ్నం పప్పుకు నాలుగున్నర కిలోలు, రాత్రి సాంబారుకు రెండు కిలోలు. 180 మందికి పంచితే మనిషికి రోజుకు 36 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకు 2,000 కిలోక్యాలరీలు తినేవారికి 85 గ్రాముల పప్పుధాన్యాలు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు ఉండాలని రాశారు. ధాన్యం 250 గ్రాములు చాలంటారు. మన ప్లేటులో అన్నం అంతకు మించి ఉంటుంది, పప్పు సగం కూడా లేదు. చివరి బ్యాచ్‌లో వచ్చేవాళ్లకు గరిటెలో పైన తేట, అడుగున నాలుగు బద్దలు. ల్యాబ్ అయ్యేసరికి రెండు దాటుతుంది కాబట్టి నేను ఎప్పుడూ ఆ బ్యాచే.

మేం కోరే మార్పులివి. బుధ, శుక్రవారాల్లో టిఫిన్‌కు అన్నం బదులు గుడాలు పెట్టండి. ఒక వారం శనగలు, ఒక వారం బొబ్బర్లు, మధ్యలో పెసలు. పెసరట్టు అడగాలని చాలామందికి ఉంది కానీ ఒకే పెనం మీద 180 మందికి పోయడం అక్కలకు నరకం. గుడాలైతే రాత్రి నానబెట్టి పొద్దున ఒకేసారి ఉడికించి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి తాలింపు పెడితే అయిపోతుంది. పైన నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. సోమవారం ఇడ్లీ, ఆదివారం పూరీ అలాగే ఉండనివ్వండి, వాటిని ముట్టుకుంటే నన్ను ఎవరూ క్షమించరు.

మధ్యాహ్నం పప్పు ఏడు కిలోలకు పెంచి, వారంలో మూడు రోజులు అందులోనే ఆకుకూర వేయమని కోరుతున్నాం. తోటకూర, పాలకూర, గోంగూర, బచ్చలి, ఏది చవకగా ఉంటే అది. ఈ వానల్లో కట్టలు కుళ్లి వస్తాయని, ఇసుక పోదని అక్కలు అన్నారు. అది నిజమే. కానీ వంటగది వెనక రెండు మునగచెట్లున్నాయి. ఆ ఆకు రాలి పోతోందే తప్ప ఎవరూ కోయడం లేదు. వారానికోసారి మునగాకు పప్పు వండితే కొనే పనే లేదు. ఆకు దూయడం ఆలస్యమంటారేమో, ముందురోజు సాయంత్రం గదికి ఒకరం చొప్పున వచ్చి ఏరి, కడిగి ఇస్తాం. మా అంతస్తు వంతుల పట్టిక ఇప్పుడే రాసి పెట్టుకున్నాం.

గుడ్డు వారానికి నాలుగు రోజులు కావాలి. తిననివాళ్లు మా హాస్టల్‌లో ముప్పై మంది దాకా ఉన్నారు. వాళ్లకు ఆ రోజుల్లో గ్లాసు పాలు, ఒక పల్లీపట్టీ ఇస్తే సరిపోతుంది. ఇప్పటిలా "మీకు రెండో గరిటె ఆలు" అంటే అన్యాయం. రాత్రిపూట రెండు రోజులు జొన్నరొట్టె గానీ చపాతీ గానీ ఉంటే బాగుంటుంది.

ఖర్చు మాటకొస్తే, మనది డివైడింగ్ మెస్, పెరిగిన ప్రతి రూపాయీ మా బిల్లులోనే పడుతుంది. పోయిన నెల రోజుకు 92 రూపాయలు వచ్చింది. ఆ పైన భారం మోయలేని ఇళ్లు మాలో చాలా ఉన్నాయి, మా ఇల్లూ అందులో ఒకటి. అందుకే తగ్గించుకోదగినవి కూడా చెబుతున్నాను. రోజూ రెండు పూటలా వేయించే అప్పడాలు ఆదివారానికే ఉంచండి, నూనె చాలా మిగులుతుంది. గురువారం బోండా మానేయొచ్చు. శనివారం రాత్రి ఫ్రైడ్ రైస్ సగం చెత్తబుట్టలోకే పోతోంది, మీరే ఒకసారి డస్ట్‌బిన్ దగ్గర నిలబడి చూడండి. ఇవి తీసేసినా ఇంకా ఎక్కువైతే, గుడ్డు మూడు రోజులకు తగ్గించినా ఒప్పుకుంటాం. పప్పు, ఆకుకూర మాత్రం తగ్గించొద్దు.

సెప్టెంబరు ఒక్క నెల ఇలా నడిపి చూడమని మా కోరిక. నెల చివర లెక్క మీ ముందే వేసుకుందాం. శనివారం మీటింగుకు పిలిస్తే నేను రాసుకున్న నోట్‌బుక్‌తో వస్తాను. స్టోర్ అక్కను కూడా పిలవండి, ఏ సరుకు ఎంత పడుతుందో ఆమెకు తెలిసినంత మాకెవరికీ తెలియదు.

ఇట్లు,
మీ విధేయురాలు,
కె. స్రవంతి
27వ గది, రెండో అంతస్తు

జత: 41 మంది సంతకాల కాగితం, నాలుగు వారాల మెనూ నకలు