ముక్కు మూసుకుని పుదీనా నమిలి చూడండి

రండి, ముందుకి జరగండి. ఆరో తరగతి వాళ్ళు కింద కూర్చోండి, పొడుగ్గా ఉన్నవాళ్ళు వెనక నిలబడండి. పక్క స్టాల్లో అగ్నిపర్వతం పొంగుతోందని తెలుసు, అది సాయంత్రం దాకా పొంగుతూనే ఉంటుంది, ఈ కాసేపు నాతో ఉండండి. బల్ల మీద నిమ్మకాయలు, లవంగాలు, ఒక పుదీనా కట్ట ఉన్నాయి.

ఈ నిమ్మకాయ పొద్దుటి నుంచీ ఇక్కడే ఉంది, ఎవరికైనా వాసన వచ్చిందా? రాలేదు కదా. ఇప్పుడు తొక్కని గోరుతో గీరుతున్నాను, వాసన తగిలిన వాళ్ళు మాత్రమే చెయ్యెత్తండి. పక్కవాడు ఎత్తాడని ఎత్తకండి, మీ ముక్కు చెప్పాలి. ఆ, ముందు వరుస వాళ్ళవి లేచాయి... రెండో వరుస... ఆ కిటికీ దగ్గర వాళ్ళకి ఇంకా లేదు, గాలి అటు నుంచి ఇటు వస్తోంది మరి. చేతులన్నీ ఒకేసారి లేవలేదు, గమనించారా? అంటే ఇక్కణ్ణుంచి ఏదో బయల్దేరి, గాలిలో ప్రయాణం చేసి, మీ దాకా వచ్చింది.

ఆ వచ్చిందేమిటో చూద్దాం. ఈ భూతద్దం పట్టుకుని తొక్కని చూడమ్మా, ఏం కనిపిస్తోంది? అవును, చుక్కలు చుక్కలుగా ఉంది. ఒక్కో చుక్క కింద నూనె నిండిన చిన్న సంచి ఉంటుంది. గోరు తగలగానే అవి పగిలాయి, నూనె బయటికొచ్చింది, అందులో కొంత ఆవిరై గాలిలో కలిసింది. ఆ నూనెలో ఎక్కువ భాగం లిమోనీన్ అనే పదార్థం, ఒక్కో అణువులో 10 కార్బన్లు, 16 హైడ్రోజన్లు. కమలా తొక్కలోనూ ఇదే ఎక్కువ, అందుకే ఆ రెండు వాసనలూ చుట్టాల్లా ఉంటాయి. నిమ్మకే సొంతమైన ఆ ఘాటు మాత్రం సిట్రాల్ వల్ల వస్తుంది, అది ఉండేది కొంచెమే, అయినా ముక్కు పట్టేస్తుంది.

ఇవాళ మీరు ఇంటికి ఒక్క సంగతే తీసుకెళ్తారంటే నేను ఇది ఇస్తాను. ఒక వస్తువు కనిపించాలంటే దాని మీద పడ్డ వెలుతురు మీ కంటికి చేరితే చాలు, వస్తువు అక్కడే ఉంటుంది. చప్పుడు వినాలంటే గాలి కదిలితే చాలు. వాసనకి అలా కుదరదు, ఆ వస్తువులోంచే కొన్ని అణువులు వచ్చి మీ ముక్కు లోపల తగలాలి. నిమ్మకాయ వాసన చూశారంటే నిమ్మకాయ రవ్వంత మీలోకి వచ్చినట్టే.

ఏంటి నాన్నా, గట్టిగా అడుగు. చెత్తకుండీ కూడానా? అవును, అది కూడా! మొహం అలా పెట్టకండి, సైన్స్ నిమ్మకాయకి ఒక రూలు, చెత్తకుండీకి ఒక రూలు పెట్టదు. మరి ఈ స్టీలు చెంచా వాసన చూడు, ఈ ఉప్పు వాసన చూడు. ఏమీ రావట్లేదు కదా, వాటిలోంచి గాలిలోకి ఎగిరేవి దాదాపు ఏమీ లేవు.

ఇప్పుడు లవంగం. ఇది కాయ కాదు, గింజ కాదు, విచ్చుకోకముందే కోసి ఎండబెట్టిన మొగ్గ. దగ్గరగా చూడండి, పైన గుండ్రంగా ఉన్నది మూసుకున్న పూరేకులు, చుట్టూ ఉన్న నాలుగు ముళ్ళలాంటివి రక్షక పత్రాలు, ఏడో తరగతిలో పువ్వు భాగాలు బొమ్మ వేశారే, అవే. ఈ గిన్నెలో మామూలు లవంగాలు, ఆ గిన్నెలో ఇప్పుడే పెనం మీద వేడి చేసినవి, రెండూ చూసి ఏది ఎక్కువో చెప్పండి. వేడివే, కదా! వేడి తగిలితే అణువులు ఎక్కువగా, త్వరగా ఎగురుతాయి, ఇంట్లో మసాలా వేయించేటప్పుడు వీధి గుమ్మం దాకా వాసన వచ్చేది అందుకే. లవంగంలో ముఖ్యమైనది యూజెనాల్. తులసిలో కూడా ఇది ఉంటుంది, ఇంటికెళ్ళాక తులసాకు నలిపి చూడండి, లవంగం గుర్తొస్తుంది.

ముక్కు లోపల ఏం జరుగుతుందో చెప్తాను. ముక్కు కుహరం పైభాగంలో, దాదాపు రెండు కళ్ళ మధ్య ఎత్తులో, వాసన పట్టే నాడీకణాలు ఉన్న చిన్న పొర ఉంటుంది. దాని మీద తడి ఉంటుంది, వచ్చిన అణువులు ఆ తడిలో కలిసి, ఆ కణాల మీదున్న రిసెప్టర్లని తాకుతాయి. మనుషుల్లో ఈ రిసెప్టర్లు సుమారు 400 రకాలు. వీటి జన్యువుల్ని 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ కనిపెట్టారు, 2004లో నోబెల్ ఇచ్చారు. మరి 400 రకాలతో అన్నన్ని వాసనలు ఎలా తెలుస్తాయి? మీకొచ్చిన అక్షరాలు 56, వాటితో ఎన్ని మాటలు రాస్తున్నారు? ఇదీ అంతే, నిమ్మకాయకని ఒకే రిసెప్టర్ లేదు, కొన్ని కలిసి స్పందిస్తే నిమ్మ, ఇంకొన్ని కలిస్తే లవంగం.

అణువు ఆకారం ఎంత ముఖ్యమో పుదీనా చెప్తుంది. మనం పచ్చడి చేసుకునే పుదీనా వాసన ఎక్కువగా కార్వోన్ వల్ల. సోయకూర గింజల్లోనూ కార్వోనే ఉంది, అవే పరమాణువులు, అంతే సంఖ్య, కాకపోతే అద్దంలో చూసినట్టు తిరగేసిన రూపం. ఆ ఒక్క తేడాకే ముక్కు దాన్ని వేరే వాసన అంటుంది! నాకిది ఎప్పుడు చెప్పినా ఒళ్ళు పులకరిస్తుంది.

సరే, ఇప్పుడు మీ వంతు. ముక్కు గట్టిగా మూసుకోండి, వదలకండి, కడిగిన పుదీనా ఆకు నోట్లో వేసుకుని నమలండి. ఏ రుచి? ఏదో ఆకు, అంతే. నములుతూనే ముక్కు వదలండి... అదీ! పుదీనా ఇప్పుడొచ్చింది. నోట్లోంచి గొంతు వెనక దారిన గాలి ముక్కులోకి ఎక్కింది. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం ముక్కుదే, జలుబు చేసినప్పుడు ఆవకాయ చప్పగా అనిపించేది కూడా అందుకే, ఉప్పూ పులుపూ నాలుకకి తెలుస్తాయి, మిగతాది ముక్కుకి అందదు.

ముక్కు మూసుకునే నిమ్మరసం చుక్క నాకండి, పులుపు తెలుస్తుంది. లవంగం చిన్న ముక్క కొరకండి, ఘాటు, కాసేపటికి నాలుక మొద్దుబారడం తెలుస్తాయి, పంటినొప్పికి లవంగం పెట్టేది ఆ యూజెనాల్ కోసమే. చివరగా ఈ పిప్పర్‌మెంట్ బిళ్ళ, చల్లగా ఉంది కదా, ముక్కు మూసినా? ఆ చల్లదనం వాసన కాదు. అందులోని మెంథాల్, చలిని కనిపెట్టే నరాల్ని తట్టి లేపుతుంది, నోరు నిజంగా చల్లబడకపోయినా మెదడు చల్లగా ఉందనుకుంటుంది. ఈ మెంథాల్ వేరే రకం పుదీనా నుంచి తీస్తారు, ఉత్తరప్రదేశ్‌లో దాన్ని ఎకరాలకి ఎకరాలు పండిస్తారు.

ఆ నీలం స్వెట్టర్ బాబూ, నువ్వు ఇందాకటి నుంచి లవంగాలు ముక్కు దగ్గరే పెట్టుకున్నావు, ఇంకా వాసన వస్తోందా? తగ్గిందన్నాడు, విన్నారా? అదే వాసన వస్తూ ఉంటే దాన్ని పట్టించుకోవడం తగ్గుతుంది. ఇప్పుడు నిమ్మతొక్క చూడు, అది బాగానే తెలుస్తుంది.

ఇక బెలూన్లు. ఊదిన బెలూన్ మీదికి నిమ్మతొక్క మడిచి పిండితే, ఆ నూనె రబ్బరుని కరిగించి టప్పున పేలుతుంది. బెలూన్ రబ్బరు పడనివాళ్ళు దూరంగా ఉండండి, తొక్క పిండేటప్పుడు కళ్ళకి దూరంగా పట్టుకోండి, చేతులు కడుక్కోకుండా కళ్ళు నలుపుకోకండి. ఇద్దరిద్దరుగా రండి, ఒకరు కళ్ళు మూసుకుని వాసన చెప్పండి, ఇంకొకరు నోట్‌బుక్‌లో రాయండి, తప్పు చెప్పినా అలాగే రాయాలి.