అయిదో తరగతి పిల్లల అమ్మానాన్నలకు

అందరికీ నమస్కారం. ఈ నెలాఖరుకి నేను రిటైరవుతున్నాను, మీ పిల్లలదే నా చివరి క్లాసు. మన పర్లాకిమిడిలో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, మధ్యలో ఇంగ్లీషు, వీళ్ళు ఎక్కడ తడబడతారోనని మీరు పడ్డ టెన్షన్ నాకు తెలుసు. కానీ వెనక బెంచీ పిల్లాడొకడు భాగహారం లెక్కని పక్కవాడికి తెలుగులో గుసగుసగా చెప్పి, నేను లేపగానే తడుముకోకుండా ఒడియాలో జవాబిచ్చాడు చూడండి, ఆ రోజే నా బెంగ తీరిపోయింది. మార్కులు తగ్గాయని కొట్టకండి, దయచేసి. రాత్రిళ్ళు ఒక పేజీ తెలుగు చదివించండి, తప్పులు చదివినా మధ్యలో ఆపకండి. సంక్రాంతికి అరిసెలు పంపిన అమ్మలకి థాంక్స్, షుగరున్నా అన్నీ తిన్నాను! నా ఇల్లు ఈ ఊళ్ళోనే, సాయంత్రాలు ఖాళీయే, లెక్కలు రాకపోతే పంపండి, ఫీజు అడగను.

మీ టీచరమ్మ