బ్రాండ్ ఈక్విటీ: పేరు తెలియడం నుంచి పేరును వదులుకోలేకపోవడం దాకా

ప్రశ్న: బ్రాండ్ ఈక్విటీ అంటే ఏమిటి? అందులో అవేర్‌నెస్, అసోసియేషన్లు, లాయల్టీల పాత్రను ఉదాహరణలతో వివరించండి.

జవాబు:

1964లో రాల్ఫ్ ఆలిసన్, కెన్నెత్ ఊల్ అనే పరిశోధకులు తరచూ బీరు తాగేవాళ్లకు లేబుళ్లు తీసేసిన సీసాలు ఇచ్చి, రుచి చూసి మార్కులు వేయమన్నారు. తాము ఎప్పుడూ తాగే బ్రాండు ఏ సీసాలో ఉందో చాలామంది పోల్చుకోలేకపోయారు. తర్వాత అవే బీర్లను లేబుళ్లతో ఇస్తే మార్కులు పెరిగాయి. అందులోనూ ఎవరి బ్రాండుకు వాళ్లు ఎక్కువ మార్కులు వేసుకున్నారు. సీసాలోని సరుకు మారలేదు, మారిందల్లా పైన కనిపించిన పేరే. ఆ పేరు వల్ల పెరిగిన మార్కులే బ్రాండ్ ఈక్విటీ అనుకుంటే ఈ విషయం సగం అర్థమైనట్టే.

1993లో మార్కెటింగ్ ఆచార్యుడు కెవిన్ లేన్ కెల్లర్ ఇచ్చిన నిర్వచనం సారాంశం కూడా ఇదే. ఒక బ్రాండు గురించి కొనుగోలుదారుడికి తెలిసినది ఏదైతే ఉందో, దాని వల్ల ఆ బ్రాండు మార్కెటింగ్‌కు అతను స్పందించే తీరులో వచ్చే తేడాయే బ్రాండ్ ఈక్విటీ. అంతకు ముందే, 1991లో, మరో మార్కెటింగ్ ఆచార్యుడు డేవిడ్ ఆకర్ దీన్ని సంస్థకున్న ఆస్తిగా చూశారు. లాయల్టీ, అవేర్‌నెస్, వినియోగదారులు భావించే నాణ్యత, అసోసియేషన్లు, వీటితోపాటు ట్రేడ్‌మార్కులు, పేటెంట్ల వంటి ఇతర ఆస్తులు అని ఐదు భాగాలు చెప్పారు. ఆకర్ సంస్థ వైపు నిలబడి చూస్తే, కెల్లర్ కొనేవాడి బుర్రలోకి తొంగిచూశారు. కారణాలు దొరికేది అక్కడే కాబట్టి నేను ఎక్కువగా కెల్లర్ దారిలోనే నడుస్తాను.

అవేర్‌నెస్

పేరు తెలియడంలో రెండు రకాలున్నాయి. కళ్లముందు పెడితే గుర్తుపట్టడం రికగ్నిషన్. ఎదురుగా ఏమీ లేకుండా, "ఫలానా వస్తువు" అనగానే పేరు నోటికి రావడం రీకాల్. రెండూ ఒకటేలే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఏది ముఖ్యమన్నది కొనే నిర్ణయం ఎక్కడ జరుగుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. అరల ముందు నిలబడి ఎంచుకునే సరుకుకు రికగ్నిషన్ కావాలి. ఇంట్లో కూర్చుని ఎవరికి ఫోన్ చేయాలో ఆలోచించే సేవకు రీకాల్ కావాలి.

అమెరికాలో 2009 మొదట్లో ట్రాపికానా నారింజ రసం ప్యాకెట్టు మారింది. అంతకు ముందు దాని మీద స్ట్రా గుచ్చిన నారింజపండు బొమ్మ ఉండేది. దాన్ని తీసేసి గ్లాసులో రసం బొమ్మ పెట్టారు, పేరు రాసే తీరూ మార్చారు. రసం పాతదే, పేరూ పాతదే. అయినా రెండు నెలలు తిరక్కుండానే అమ్మకాలు సుమారు 20 శాతం పడిపోయాయి, సంస్థ పాత ప్యాకెట్టుకు వెనక్కి వెళ్లింది. అరల ముందు కొనేవాళ్లను ఊహించుకోండి. చెయ్యి అలవాటుగా ఆ నారింజపండు వైపే వెళ్తుంది, అది కనిపించకపోతే ఆగుతుంది. పక్కనే ఇంకో ప్యాకెట్టు ఉంటుంది. "నారింజ రసం బ్రాండు చెప్పండి" అని వాళ్లనే అడిగితే ట్రాపికానా పేరే చెప్పి ఉండవచ్చు. అంటే రీకాల్‌కు ఏమీ కాలేదు, దెబ్బతిన్నది రికగ్నిషన్. కొత్త బొమ్మ కొందరికి నచ్చకపోవడం కూడా ఒక కారణమే కానీ, నా దృష్టిలో గుర్తుపట్టే ఆనవాలు పోవడమే అసలు దెబ్బ.

ఇక అవేర్‌నెస్ ఎంత పెరిగితే అంత మంచిదన్న మాట నిజం కాదు. ఎస్కలేటర్ అన్నది ఒకప్పుడు ఓటిస్ సంస్థ ట్రేడ్‌మార్కు. ఎవరు తయారుచేసిన కదిలే మెట్లనైనా జనం ఆ పేరుతోనే పిలవడంతో 1950లో అమెరికాలో ఆ హక్కు పోయింది. పేరు అందరికీ తెలుసు, కానీ అది ఎవరిదో తెలియదు.

అసోసియేషన్లు

ఈ మూడింటిలో ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడ. పేరు వినగానే మనసులో కదిలే బొమ్మలు, గుణాలు, అనుభవాలు, మనుషులు అన్నీ అసోసియేషన్లే. జ్ఞాపకం ఒక వల అనుకుంటే బ్రాండు అందులో ఒక ముడి. ఆ ముడిని లాగితే దానితో పాటు ఏవేవి కదులుతాయన్నదే ప్రశ్న. ఆ బంధాలు బలంగా ఉన్నాయా, కొనేవాడికి కావలసినవేనా, ఈ బ్రాండుకే సొంతమైనవా అని కెల్లర్ మూడు పరీక్షలు పెట్టారు. మొదటి రెండింటిలో నెగ్గి మూడోదానిలో ఓడిపోయే బ్రాండ్లు చాలా ఉంటాయి. పోటీదారులందరూ "నమ్మకం" అనే మాటే వాడుతుంటే, ఆ మాట ఎవరినీ వేరుగా నిలబెట్టదు. అది లేకపోతే నష్టం, ఉన్నంత మాత్రాన లాభం లేదు.

మూడు పరీక్షల్లోనూ నెగ్గిన పేరు వోల్వో. వోల్వో అనగానే భద్రత గుర్తుకొస్తుంది. 1959లో ఆ సంస్థ ఇంజనీరు నీల్స్ బోలిన్ మూడు చోట్ల బిగించే సీటు బెల్టును రూపొందించారు. సంస్థ దాన్ని తన కార్లలో పెట్టడమే కాక, ఇతర తయారీదారులూ వాడుకునేలా పేటెంటును అందుబాటులో ఉంచింది. ఆ తర్వాత అన్ని కార్లలోకీ ఆ బెల్టు వచ్చింది. అంటే వస్తువు వల్ల వచ్చే ప్రత్యేకత పోయినట్టే. అయినా భద్రత అన్న భావన వోల్వో దగ్గరే ఉండిపోయింది. ప్రకటన చెప్పిన మాట కన్నా సంస్థ చేసిన పని జ్ఞాపకంలో లోతుగా దిగుతుందనడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ కనబడలేదు.

లాయల్టీ

మళ్లీ మళ్లీ కొనడమే లాయల్టీ అంటే సరిపోదు. 1994లో అలన్ డిక్, కునాల్ బసు అనే పరిశోధకులు దీన్ని రెండు కొలతలతో చూడాలన్నారు. ఒకటి ఆ బ్రాండు మీద మిగతావాటికన్నా మక్కువ ఉందా అన్నది, రెండోది మళ్లీ మళ్లీ కొంటున్నారా అన్నది. మక్కువ లేకుండా కొంటుంటే అది పైపై లాయల్టీ. మక్కువ ఉండీ కొనలేకపోతే అది లోపల దాగిన లాయల్టీ.

నా సంగతే చెబుతాను. ఒకే మొబైల్ కంపెనీలో ఏళ్ల తరబడి ఉన్నాను. సిగ్నల్ సరిగా రాదు, ఫిర్యాదు చేస్తే జవాబు రాదు. ఇంకో కంపెనీకి మారే పని పెట్టుకోలేక ఉండిపోయాను. వాళ్ల లెక్కల్లో నేను నమ్మకమైన ఖాతాదారుని. మారడం తేలికని తెలిసిన రోజున వెళ్లిపోయాను. వాళ్ల పట్టికలో అంతకాలం కనిపించినది లాయల్టీ కాదు, నా బద్ధకం.

అసలైన లాయల్టీ ఎలా ఉంటుందో 1985లో కోకాకోలా చూసింది. సుమారు రెండు లక్షల మందితో రుచి పరీక్షలు చేయించి, జనం మెచ్చిన కొత్త రుచిని ఏప్రిల్ 23న ప్రకటించి, పాతదాన్ని ఆపేసింది. జూన్ నాటికి వినియోగదారుల ఫోన్లు రోజుకు 400 నుంచి 1,500కు పెరిగాయి. 79 రోజుల తర్వాత, జులై 11న, పాత రుచి తిరిగి వస్తోందని సంస్థ ప్రకటించింది. పరీక్షలు కొలిచింది గుటకలోని రుచిని. ఆ పానీయంతో ముడిపడిన అలవాట్లను, జ్ఞాపకాలను, "ఇది మాది" అన్న భావాన్ని ఆ గుటక కొలవలేదు. ఫోన్లు చేసినవాళ్లు కోపంగా ఉన్నారు, నిజమే. కానీ అక్కరలేని బ్రాండు పోతే ఎవరూ ఫోన్ చేయరు.

మూడింటి మధ్య బంధం

ముందు అవేర్‌నెస్, దాని మీద అసోసియేషన్లు, చివర లాయల్టీ అని మెట్లలా గీయడం తేలిక. కానీ రాకపోకలు రెండు వైపులా ఉంటాయి. ఇష్టపడి వాడేవాడు నలుగురికి చెబితే అవేర్‌నెస్ పెరుగుతుంది. పైగా మార్కెటింగ్ పరిశోధకుడు ఆండ్రూ ఎరెన్‌బర్గ్ ఎన్నో సరుకుల కొనుగోళ్లు పరిశీలించి గమనించిన విషయం ఒకటుంది. చిన్న బ్రాండ్లకు కొనేవాళ్లు తక్కువ, ఆ కొద్దిమంది కూడా కాస్త తక్కువసార్లే కొంటారు. అంటే కొనేవాళ్ల సంఖ్య పెరగకుండా లాయల్టీ ఒక్కటే పెరగడం అరుదు. కాబట్టి లాయల్టీని మాత్రమే పెంచుతామనే ప్రణాళికను నేను అనుమానంగా చూస్తాను.

కొలిచేటప్పుడు కూడా మూడింటికీ ఒకే ప్రశ్న పనికిరాదు. అవేర్‌నెస్‌కు ముందు పేర్లు చూపకుండా అడగాలి, ఆ తర్వాతే చూపించి అడగాలి. వరుస తిరగేస్తే రీకాల్ లెక్క చెడిపోతుంది. అసోసియేషన్లకు "ఈ పేరు వినగానే ఏం తోస్తుంది" అని వదిలేసి, వచ్చిన మాటలు వచ్చినట్టే రాసుకోవాలి. లాయల్టీకి కొనుగోలు రికార్డు ఒక్కటే చాలదు. "మీరు వెళ్లేసరికి ఈ బ్రాండు అయిపోయింది. అప్పుడేం చేస్తారు?" అని అడగాలి. పక్కది తీసుకుంటానన్నవారిని, ఇంకో చోట వెతుకుతానన్నవారిని వేర్వేరుగా లెక్కపెట్టాలి.