సెక్షన్ 12ఏబీ రిజిస్ట్రేషన్ గడువు తీరడం, దరఖాస్తు ఆలస్యం: నోటీసుకు ట్రస్టు సమాధానం

సింగ్ నగర్ సాయంబడి ట్రస్టు
అజిత్ సింగ్ నగర్, విజయవాడ, ఎన్టీఆర్ జిల్లా

తేదీ: 08-10-2025

ఆదాయపు పన్ను కమిషనర్ గారికి,
ఎగ్జెంప్షన్స్ విభాగం, హైదరాబాద్.

విషయం: రెగ్యులర్ రిజిస్ట్రేషన్ కోసం 04-06-2025న ఇచ్చిన ఫారం 10ఏబీ దరఖాస్తు ఆలస్యంపై వివరణ, ఆలస్యాన్ని మన్నించాలని వినతి.

సూచిక: ఈ-ప్రొసీడింగ్స్ ద్వారా అందిన తమ నోటీసు, తేదీ 24-09-2025. జవాబుకు గడువు 10-10-2025.

అయ్యా,

తమ నోటీసులో మూడు విషయాలు అడిగారు. దరఖాస్తు గడువు దాటి వచ్చింది కాబట్టి ఎందుకు తిరస్కరించకూడదన్నది మొదటిది. 31-03-2025తో తాత్కాలిక రిజిస్ట్రేషన్ ముగిసింది కాబట్టి మినహాయింపు ఏ ఆధారంతో కోరుతున్నారన్నది రెండోది. సెక్షన్ 115టీడీ కింద ట్రస్టు నికర ఆస్తుల మీద పన్ను ఎందుకు వేయకూడదన్నది మూడోది. మొదటిదానికి సమాధానం దొరికితే మిగతా రెండూ దాన్నిబట్టే తేలతాయి. అందుకే ఎక్కువ వివరం దాని మీదే ఇస్తున్నాం.

మా ట్రస్టు డీడ్ 2022 జనవరిలో రిజిస్టర్ అయింది. ఫిబ్రవరిలో ఫారం 10ఏ ఇచ్చాం. మార్చిలో ఫారం 10ఏసీ ద్వారా 2023-24 నుంచి 2025-26 వరకు మూడు అసెస్‌మెంట్ సంవత్సరాలకు తాత్కాలిక రిజిస్ట్రేషన్ వచ్చింది. ఆటో డ్రైవర్లు, తాపీ కూలీలు, ఇళ్లలో పనిచేసే తల్లుల పిల్లలకు సాయంత్రం పూట ఉచితంగా చదువు చెప్పే కేంద్రం నడపడం ట్రస్టు ప్రధాన ఉద్దేశం. పేదలకు ఆపద సమయంలో సాయం చేయడం కూడా డీడ్‌లో ఉంది.

కేంద్రంలో తరగతులు మొదలైంది 08-04-2024న. కార్యకలాపాలు మొదలైన ఆరు నెలల్లోపు గానీ, తాత్కాలిక రిజిస్ట్రేషన్ ముగియడానికి కనీసం ఆరు నెలల ముందు గానీ, ఏది ముందైతే ఆ తేదీకి ఫారం 10ఏబీ ఇవ్వాలన్నది నిబంధన. మా విషయంలో రెండోదే ముందు వస్తుంది, అంటే 30-09-2024. మా దరఖాస్తు అందింది 04-06-2025న. ఆలస్యం 247 రోజులు.

ఇక్కడ తమ నోటీసు నాలుగో పేరాలో ఒక సందేహం వ్యక్తం చేశారు. 2023-24 ఖాతాల్లో రూ. 8,71,400 ఖర్చు కనిపిస్తోంది కాబట్టి కార్యకలాపాలు అప్పుడే మొదలైనట్టు కాదా అని. ఆ డబ్బంతా అద్దెకు తీసుకున్న పాత గోడౌన్‌ను బడిగా మార్చడానికి పెట్టింది. పైకప్పు రేకులు, మరుగుదొడ్లు, వైరింగ్, బల్లలు, బోర్డులు. ఆ ఏడాది ఒక్క పిల్లవాడు కూడా చేరలేదు, ఒక్క టీచరుకూ జీతం ఇవ్వలేదు. హాజరు పట్టీలో మొదటి సంతకం 08-04-2024 నాటిదే. కార్యకలాపాలకు సిద్ధం కావడం, కార్యకలాపాలు మొదలవడం ఒకటి కాదన్నది మా ఆడిటర్ 2024 మేలో రాతపూర్వకంగా ఇచ్చిన అభిప్రాయం. దాన్ని నమ్మే సెప్టెంబరు 30ని గడువుగా లెక్కపెట్టుకున్నాం. ఆ ఉత్తరం జతపరిచాం. 2024 సెప్టెంబరు వరద తర్వాత పుట్టించిన వాదన కాదని తేదీ చూస్తే తెలుస్తుంది.

అయినా తమరు ఆ ఖర్చునే ఆరంభంగా తీసుకోదలిస్తే, పనులు 2023 జులైలో మొదలయ్యాయి కాబట్టి సీబీడీటీ సర్క్యులర్ 7/2024 పొడిగించిన 30-06-2024 గడువు వర్తిస్తుంది. అప్పుడు ఆలస్యం 339 రోజులవుతుంది. ఆ లెక్క మాకు సమ్మతం కాదు. కానీ తమరు దాన్నే తీసుకున్న పక్షంలో ఆ అదనపు రోజులనూ మన్నించాలని ఈ వినతిలోనే కోరుతున్నాం. గడువు ఏదన్న విషయంలో సదుద్దేశంతో పొరపడటం దానికదే సహేతుక కారణమని మా మనవి.

ఇక అసలు కారణాలు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిన సంగతి తమకు తెలిసిందే. మా కేంద్రం, ఆఫీసు రెండూ గ్రౌండ్ ఫ్లోర్‌లోనే. ఛాతీ లోతు నీరు వచ్చింది. తొమ్మిదో రోజున గానీ తాళం తీయలేకపోయాం. ట్రస్టు డీడ్ అసలు ప్రతి, మినిట్స్ పుస్తకాలు, ఓచర్లు, రసీదు పుస్తకాలు బీరువా కింది అరలో ఉండేవి. అవి ముద్దయిపోయాయి. ల్యాప్‌టాప్, డిజిటల్ సంతకం టోకెన్ పనికిరాకుండా పోయాయి. వార్డు సచివాలయ సిబ్బంది వచ్చి నష్టం నమోదు చేసుకున్న పత్రం, ఆనాటి ఫొటోలు ఇందుతో పంపుతున్నాం.

వరదకు ముందు మేం నిర్లక్ష్యంగా లేమని చెప్పడానికి మా మాట అక్కర్లేదు, తమ పోర్టలే చాలు. అసెస్‌మెంట్ సంవత్సరం 2024-25కి ఫారం 10బీబీ ఆడిట్ రిపోర్టు 21-08-2024న, ఐటీఆర్-7 27-08-2024న దాఖలయ్యాయి. రెండూ గడువుకు చాలా ముందే. వారం తిరక్కుండానే వరద వచ్చింది.

సెప్టెంబరు నెలంతా మా వాలంటీర్లు పడవల మీద, తర్వాత ట్రాక్టర్ల మీద, పాల ప్యాకెట్లు, భోజనాలు, దుప్పట్లు పంచారు. ఆ నెలలో ఫారం నింపలేకపోవడానికి ఇదొక్కటే సాకుగా చెప్పడం లేదు. నింపుదామన్నా జతచేయడానికి డీడ్ లేదు, సంతకానికి టోకెన్ లేదు.

అక్టోబరు రెండో వారంలో మా వ్యవస్థాపక మేనేజింగ్ ట్రస్టీ గారికి పక్షవాతం వచ్చింది. డీడ్ ప్రకారం ఆదాయపు పన్ను పత్రాల మీద సంతకం చేసే అధికారం ఆయనకే ఉంది. పోర్టల్‌లో ట్రస్టు లాగిన్‌కు ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు, ఈమెయిల్ కూడా ఆయనవే. మూడు నెలలు మంచాన ఉండి 19-01-2025న కన్నుమూశారు. ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, మరణ ధ్రువపత్రం జతపరిచాం. ఆయన స్పృహలో లేని స్థితిలో ఉన్నప్పుడు ఫోన్ తీసుకుని ఓటీపీతో పని కానిచ్చేయమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఆయన పేరుతో ఆయనకు తెలియకుండా సంతకం చేయడం సబబు కాదని ట్రస్టీలు ఒప్పుకోలేదు.

09-03-2025న ట్రస్టీల సమావేశం కొత్త మేనేజింగ్ ట్రస్టీని ఎన్నుకుంది. పోర్టల్‌లో అధీకృత సంతకందారు మార్పు 22-04-2025న పూర్తయింది. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి డీడ్ సర్టిఫైడ్ కాపీ 08-05-2025న చేతికొచ్చింది. తడిసిపోయిన ఓచర్ల స్థానంలో బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆడిటర్ దగ్గరున్న కాపీలు పెట్టుకుని 2024-25 ఖాతాలు తిరిగి రాసి, 04-06-2025న ఫారం 10ఏబీ దాఖలు చేశాం. ఇకముందు సంతకం అధికారం ఒక్కరి దగ్గరే ఆగిపోకుండా అదే సమావేశంలో మరో ట్రస్టీకి కూడా అధికారం ఇచ్చాం.

ఫైనాన్స్ (నం. 2) చట్టం, 2024 ద్వారా సెక్షన్ 12ఏ(1) ఏసీ క్లాజుకు చేర్చిన నిబంధన 01-10-2024 నుంచి అమల్లో ఉంది. ఆలస్యానికి సహేతుక కారణం ఉందని భావిస్తే కమిషనర్ దాన్ని మన్నించవచ్చు. మన్నిస్తే దరఖాస్తు గడువులోపే వచ్చినట్టు భావించాలి. మా దరఖాస్తు ఈ అధికారం వచ్చాక దాఖలైనదే. కలెక్టర్, ల్యాండ్ అక్విజిషన్ వర్సెస్ కాటిజీ కేసులో 1987లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆలస్యాన్ని మన్నించమనే ప్రతి అర్జీలోనూ కనిపించేదే. అయినా ఇక్కడ దాన్ని ఊరికే పెట్టడం లేదు. ఆలస్యం వల్ల లాభం ఎవరికి అని ఆ తీర్పు అడుగుతుంది. మా ఆలస్యంతో మాకు ఒరిగిందేమీ లేదు. పోగొట్టుకున్నదే ఎక్కువ.

రెండో విషయం. తాత్కాలిక రిజిస్ట్రేషన్ 31-03-2025 వరకు ఉంది. కాబట్టి 2024-25 ఆర్థిక సంవత్సరానికి, అంటే అసెస్‌మెంట్ సంవత్సరం 2025-26కి మినహాయింపు కోరడానికి దరఖాస్తు ఆలస్యం అడ్డు కాదు. ఆ ఏడాది వచ్చిన విరాళాలు రూ. 21,36,500. ఉద్దేశాల మీద ఖర్చు రూ. 19,02,780, అంటే 89 శాతం. ఆడిట్ రిపోర్టు 20-09-2025న దాఖలైంది. లోటు కనిపించేది 01-04-2025 తర్వాతి కాలానికే. ఏసీ క్లాజులోని మూడో ఉపక్లాజు కింద వచ్చిన దరఖాస్తు ఆమోదం పొందితే, తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇచ్చిన మొదటి అసెస్‌మెంట్ సంవత్సరం నుంచే సెక్షన్ 11, 12 వర్తిస్తాయని సెక్షన్ 12ఏ(2) చెబుతోంది. ఆమోదం వస్తే మధ్యలో ఖాళీ మిగలదు.

01-04-2025 నుంచి ఇచ్చిన ఏ రసీదు మీదా 80జీ ప్రస్తావన లేదు. రసీదు పుస్తకాలు కొత్తగా అచ్చు వేయించి, పన్ను రాయితీ ప్రస్తుతం లేదని దాతలకు ముందే చెబుతున్నాం. కొందరు విరాళం ఆపుకున్నారు. రెండు రకాల రసీదుల నమూనాలు పంపుతున్నాం.

మూడో విషయం. నిర్ణీత గడువులో దరఖాస్తు చేయనప్పుడే సెక్షన్ 115టీడీ(3) వర్తిస్తుంది. ఆలస్యం మన్నిస్తే చట్టం దృష్టిలో మేం గడువులోనే దరఖాస్తు చేసినట్టు. ఆలస్యం వల్ల ట్రస్టులు నికర ఆస్తుల మీద పన్ను కట్టాల్సిన పరిస్థితి రావడం ఈ సవరణకు ఒక కారణమని ఆ బిల్లు వివరణ పత్రంలోనే ఉంది. ఇక మా ఆస్తి అంటారా, భవనం అద్దెది. బల్లల్లో సగం వరదకు ఉబ్బి పాడయ్యాయి. మిగిలింది బ్యాంకు నిల్వ, కొన్న కొత్త సామాను. ఆ కొద్దిపాటి నిల్వ మీద గరిష్ఠ రేటులో పన్ను పడితే టీచర్ల జీతాలు ఆగిపోతాయి.

పై కారణాల రీత్యా దరఖాస్తు ఆలస్యాన్ని మన్నించి, సెక్షన్ 12ఏబీ కింద రెగ్యులర్ రిజిస్ట్రేషన్ ఇవ్వాలని, సెక్షన్ 115టీడీ ప్రతిపాదన విరమించాలని కోరుతున్నాం. ఏ అంశంలోనైనా మాకు వ్యతిరేకంగా నిర్ణయించాలని అనిపిస్తే, ముందుగా వీడియో కాన్ఫరెన్స్ ద్వారా వినే అవకాశం ఇవ్వండి. దరఖాస్తుపై ఉత్తర్వులకు చట్టం ఇచ్చిన గడువు 31-12-2025తో ముగుస్తుంది కాబట్టి, విచారణ ఏ తేదీన పెట్టినా వాయిదా అడగకుండా హాజరవుతాం. కేంద్రానికి తనిఖీకి వచ్చినా సంతోషమే. సాయంత్రం అయిదున్నర నుంచి ఎనిమిది మధ్య వస్తే పిల్లలు, టీచర్లు అందరూ ఉంటారు.

ఇందులో రాసిన సంగతులు మా రికార్డుల ప్రకారం నిజమని ధ్రువీకరిస్తున్నాం. దీని ఇంగ్లీషు ప్రతిని కూడా పోర్టల్‌లో అప్‌లోడ్ చేశాం.

ఇట్లు,
భవదీయులు,
మేనేజింగ్ ట్రస్టీ,
సింగ్ నగర్ సాయంబడి ట్రస్టు

జతపరిచినవి: ఫారం 10ఏసీ, డీడ్ సర్టిఫైడ్ కాపీ, 2024 మే నాటి ఆడిటర్ ఉత్తరం, గోడౌన్ పనుల బిల్లుల ప్రతులు, 2024 ఏప్రిల్ హాజరు పట్టీ (పిల్లల ఇళ్లలో తడవకుండా మిగిలిన జిరాక్సు నుంచి), వరద నష్టం నమోదు పత్రం, ఫొటోలు, డిశ్చార్జి సమ్మరీ, మరణ ధ్రువపత్రం, 09-03-2025 తీర్మానం, మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆడిట్ రిపోర్టులు, పాత, కొత్త రసీదుల నమూనాలు, ఆలస్యానికి కారణాలపై నోటరీ చేయించిన అఫిడవిట్.